బండ్లన్నీ సరి

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాకు సూపర్‌వైజరు పని దొరకడానికి కారణం నా దస్తూరి. ఆ పని పోవడానికి కారణమూ అదే. మధ్యలో జరిగింది చెప్పమని చాలామంది అడిగారు. నోటితో చెప్పి చెప్పి విసుగు పుట్టింది కాబట్టి ఒకసారి రాసిపెడితే సరిపోతుందనిపించింది.

చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే రోడ్డు పక్కన ఉంటుంది ఆ ఫ్యాక్టరీ. గార్డులందరం ఒక ఏజెన్సీ మనుషులం. చేరిన రోజు ఏజెన్సీ ఫీల్డ్ ఆఫీసరు తెల్లకాగితం ఇచ్చి ఏదో ఒకటి రాయమన్నాడు. ఆ రోజు తారీఖు, వారం, ఉదయం నుంచి మబ్బుగా ఉన్న సంగతి రాసిచ్చాను. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏం చదువుకున్నావని అడిగాడు. బడికే పోలేదని చెప్పాను. నమ్మలేదు. మిగతా గార్డుల్లో ఒకడు లారీ నడిపి మోకాలు పోగొట్టుకున్నవాడు, ఇంకొకడు సేద్యం వదిలి వచ్చినవాడు. పెన్ను ముట్టుకోవాలంటేనే వాళ్లకు చెమటలు పట్టేవి. అందుకని అరవై దాటిన నన్ను వాళ్ల మీద పెద్దను చేశారు.

నాకు అక్షరాలు నేర్పింది సైకిళ్లు. వయసులో ఉన్నప్పుడు చిత్తూరులో ఒక సినిమా హాలు పక్కన సైకిల్ స్టాండులో పనిచేశాను. వచ్చిన సైకిలు సీటు మీద సుద్దముక్కతో నెంబరు వేయాలి, అదే నెంబరు చీటీ మీద రాసి ఇవ్వాలి. మొదట అంకెలు వచ్చాయి. తర్వాత పాత చీటీల వెనక ఉన్న అచ్చు అక్షరాలు ఒక్కొక్కటే పట్టుకున్నాను. స్టాండు నడిపే సాయిబు ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడేవాడు. వచ్చినవాళ్లందరూ సైకిలు వదిలి "సూసుకోప్పా" అనేవాళ్లు. నేను "సరే" అనేవాణ్ని. ఒకనాడు తల ఎత్తకుండా సరే అన్నానని సాయిబు నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట ఇంతవరకూ మరిచిపోలేదు.

"సరే అన్నావంటే ఆ సైకిలు నీదైపోయింది. వాడొచ్చి తీసుకునేదాకా నీదే. సూడకుండా సరే అనొద్దు."

అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్క సైకిలు పోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. పోలేదు, అంతే.

ఫ్యాక్టరీలో చేరిన మొదటి ఏడాదే అడ్మిన్ మేనేజరు నా చేత పార్కింగులో ఒక బోర్డు రాయించాడు. ఆయన ఇంగ్లీషులో ఇచ్చినదాన్ని నేనే తెలుగు చేశాను. "కంపెనీ కార్మికుల వాహనములు నిలుపు స్థలము. వాహనములకు యాజమాన్యము బాధ్యత వహించదు." పసుపు రేకు మీద నల్ల రంగుతో రాశాను. 'వహించదు' అన్న మాట తట్టినందుకు ఆ రోజంతా లోలోపల మురిసిపోయాను. ఆ మాటకు అర్థమేమిటో మాత్రం ఆలోచించలేదు. స్థలం మాదే, మీ బండి ఇక్కడే పెట్టాలి, వేరేచోట పెడితే ఊరుకోం, పోతే మాత్రం మమ్మల్ని అడగొద్దు. నాలుగు వందల మంది చెమటోడ్చే చోట ఇంత సిగ్గులేని మాటను నా చేత్తో అందంగా రాశాను.

కెమెరాల సంగతీ అంతే. మొత్తం పదహారు. గుజ్జు డబ్బాల గోడౌనుకు నాలుగు, కాయలు కోసే హాలులో ఐదు, లోడింగు దగ్గర మూడు, ఆఫీసుకు మూడు. హాలులో ఉన్నవి దొంగల కోసం కాదు, ఆడవాళ్లు కాయలు కొంగున కట్టుకుపోతారేమోనని. కార్మికుల బండ్లకు ఒక్కటంటే ఒక్కటి, వేపచెట్టు పక్కన స్తంభం మీద. దాని అద్దం మీద దుమ్ము తుడవమని నేను మూడుసార్లు రాసిచ్చాను. మూడు కాగితాలూ ఎటు పోయాయో తెలియదు.

ఇక రౌండ్ల పుస్తకం. పార్కింగు గార్డు గంటకొకసారి బండ్ల వరసలన్నీ తిరిగి రావాలి, తిరిగి వచ్చి పుస్తకంలో రాయాలి. మా పార్కింగు గార్డు ఆ లారీ డ్రైవరే. అతనికి రాయడం రాదు కాబట్టి నేను రాసి అతని వేలిముద్ర, నా సంతకం పెట్టేవాళ్లం. మొదట్లో గంట గంటకూ రాసేవాణ్ని. కొన్నాళ్లకు రెండు గంటలకొకసారి. తర్వాత, నిజం చెప్పాలంటే, ఉదయం ఆరున్నరకు టీ తాగుతూ ఆ షిఫ్టు మొత్తానికి రాసేసేవాణ్ని. ఏడు, ఎనిమిది, తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎనిమిది వరసలు. ప్రతి వరసలో "రౌండు జరిగినది. బండ్లన్నీ సరి." పెన్ను ఆపకుండా రాస్తే అక్షరాలన్నీ ఒకే తీరుగా వచ్చేవి. తనిఖీకి వచ్చిన ఫీల్డ్ ఆఫీసరు ఆ పేజీలను ఫోటో తీసుకుని వేరే ఊళ్లలో గార్డులకు చూపించేవాడు.

అది జూన్ నెల. తోతాపురి కాయ దిగే రోజులు. బంగారుపాళ్యం వైపు నుంచి ట్రాక్టర్లు తెల్లవారకముందే వచ్చి రోడ్డు పొడుగునా నిలబడతాయి. మెయిన్ గేటు చాలక పార్కింగుకు ఒకవైపున్న ముళ్లకంచె విప్పి దారి తీశారు. బండ్ల వరసల పక్కనుంచే ట్రాక్టర్లు పోతున్నాయి. కంచె విప్పినచోట మనిషి కావాలని నేను అడిగాను. మనుషులు లేరన్నాడు మేనేజరు. పైగా పార్కింగు గార్డును పిలిచి, విజిలు వేసి ట్రాక్టర్లను సర్దమన్నాడు. ఆ సీజనంతా అతను బండ్ల వైపు చూసింది లేదు. పుస్తకంలో మాత్రం బండ్లన్నీ సరి.

ఆ రోజు ఉదయం ఆరుకు పది నిమిషాలు తక్కువగా ఆమె వచ్చింది. కాయలు ఏరే బల్ల దగ్గర పనిచేస్తుంది. నలభై లోపు మనిషి. భర్త లేడు. వాళ్ల ఊరు మాకు పద్నాలుగు కిలోమీటర్లు. ఆ వేళకు బస్సు లేదు. అందుకోసమే స్కూటీ కొనుక్కుంది. బండి లేకపోతే ఆమెకు పని లేదన్నమాట. అది నాకు తెలుసు. స్టాండు వేసి, హ్యాండిల్ లాకు చేసి, అందరిలాగే పోతూ పోతూ ఒక మాట అంది.

"సూసుకోన్నా."

"సరేలేమ్మా" అన్నాను. తల ఎత్తలేదు. పుస్తకంలో గీతలు కొడుతున్నాను.

రెండుంబావుకు షిఫ్టు వదిలారు. ఆడవాళ్ల గుంపు బండ్ల మధ్య చెదిరిపోయింది. కాసేపటికి ఆమె ఒక్కతే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "బండి లేదన్నా" అంది. అరవలేదు, ఏడవలేదు. నేను ఎక్కడ పెట్టావో సరిగ్గా చూసుకోమన్నాను. ఎవరైనా ఇలా వస్తే మొదట అదే అంటాం. ఇద్దరం కలిసి వరసలన్నీ తిరిగాం. లారీ డ్రైవరు కూడా కుంటుకుంటూ వచ్చాడు. రోడ్డవతల టీ అంగడి వెనక, ట్రాక్టర్ల సందుల్లో, ఎక్కడా లేదు. ఆమె పెట్టినచోట నేల మీద నల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి పడి ఉంది. హ్యాండిల్ లాకు విరిచినప్పుడు ఊడిన ముక్క. ఎత్తబోయాను. ఎత్తకుండా దాని మీద ఒక బుట్ట బోర్లించి లారీ డ్రైవరును కాపలా నిలబెట్టాను. ఆ రోజు నేను చేసిన కాపలా పని అదొక్కటే.

112కు ఫోను చేశాను. బండి నెంబరు, రంగు, చివరిసారి ఎప్పుడు చూశారు అని అడిగారు. నెంబరు ఆమె గడగడా చెప్పింది. చివరిసారి ఎప్పుడు చూశారన్నదానికి ఆమె బండి పెట్టిన టైమే చెప్పాను. అరగంటలో జీపు వచ్చింది. కానిస్టేబులు నేల చూశాడు, బుట్ట తీసి ముక్క చూశాడు, ఫోటో తీసుకున్నాడు. తాళం బండికే వదిలావా అని ఆమెను అడిగాడు. ఆమె కొంగు ముడి విప్పి రింగు చూపించింది. రెండు తాళాలూ ఒకే రింగులో ఉన్నాయి. ఒకటి ఇంట్లో పెట్టుకోవాలి కదమ్మా అన్నాడు. పోతే రెండూ ఒకేసారి పోతాయి, వెతికే పని ఉండదు అంది. ఆయన నవ్వుకుని, బండి నెంబరు వైర్‌లెస్ సెట్టులో చెప్పి, ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు, కెమెరాలో ఉన్నది తీసుకుని స్టేషనుకు వచ్చి కంప్లయింటు ఇవ్వమని వెళ్లిపోయాడు.

కెమెరాల రికార్డు పెట్టె స్టోర్సులో ఉంటుంది. మేనేజరు చూడడానికి ఒప్పుకున్నాడు, కాపీకి మాత్రం పోలీసుల లెటరు కావాలన్నాడు. అది రూలే, తప్పు పట్టను. స్టోర్ కీపరు రికార్డు వెనక్కు తిప్పాడు. ముందు నేను ఆ పెట్టె గడియారాన్ని నా ఫోను గడియారంతో పోల్చి చూశాను. పెట్టె పన్నెండు నిమిషాలు ముందుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అలా జరుగుతుందట. తేడాను కాగితం మీద రాసుకున్నాను. రికార్డు పదిహేను రోజులే ఉంటుంది, తర్వాత దాని మీద కొత్తది ఎక్కిపోతుందని స్టోర్ కీపరు చెప్పాడు.

పెట్టె గడియారంలో పదకొండు యాభై రెండు. అంటే మన లెక్కకు పదకొండు నలభై. తెల్ల టోపీ, మాస్కు, గంబూట్లు వేసుకున్నవాడు ఒకడు వచ్చాడు. లోపల కాయలు కోసేవాళ్లందరూ వేసుకునేవే. తన బండి అన్నట్టే స్కూటీ మీద కూర్చున్నాడు. హ్యాండిల్‌ను కాలితో అదిమి రెండుసార్లు విదిలించాడు. చుట్టూ చూడలేదు. దిగి, బండి తోసుకుంటూ కంచె విప్పినవైపు బయలుదేరాడు. దూరంగా మా లారీ డ్రైవరు ఇటు వీపు పెట్టి ట్రాక్టరుకు చెయ్యి ఊపుతున్నాడు. దుమ్ము పట్టిన అద్దంలోంచి కూడా పసుపు బోర్డు తేటగా కనిపిస్తోంది, నా అక్షరాలన్నీ చదవొచ్చు.

అప్పుడు తెర మీదికి ఇంకో మనిషి వచ్చాడు. చేతిలో టీ ఫ్లాస్కు. బండి తోసుకొస్తున్నవాడికి దారి వదిలి పక్కకు తప్పుకున్నాడు. చెయ్యి కూడా ఎత్తాడు.

"ఇది నువ్వే గదా పెద్దాయనా" అన్నాడు స్టోర్ కీపరు.

నేనే. అప్పుడు గుర్తొచ్చింది. వాడు "పంచరైందన్నా" అన్నాడు. నేను "సరే పో" అన్నాను.

మేనేజరు కూడా చూశాడు. తర్వాత తలుపు వేసి నన్ను కూర్చోమన్నాడు. ఆయన కుర్చీ చూపించడం అదే మొదటిసారి. ఆ రికార్డు గడియారమే తప్పు కాబట్టి దానికి విలువ లేదన్నాడు. మన రౌండ్ల పుస్తకం ప్రకారం పన్నెండుకు, ఒంటిగంటకు, రెండుకు బండ్లన్నీ ఉన్నాయి. అంటే షిఫ్టు వదిలాక ఆమే బయటికి తెచ్చి టీ అంగడి దగ్గర పెట్టి ఉంటుంది, రోడ్డు పక్క పోయి ఉంటుంది. కంప్లయింటు ఆమెకు నువ్వే రాసిస్తావు కదా, రోడ్డు పక్కన అని రాయి, కంపెనీ పేరు అక్కర్లేదు అన్నాడు. కెమెరాలో చూశాం కదా సార్ అన్నాను. ఆయన పుస్తకం నా ముందుకు తోశాడు.

"నీ చేతిరాతే సాక్ష్యం పెద్దాయనా. ఇంత చక్కటి రాత అబద్ధం చెప్తుందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏమని మండిపడను? గార్డును ట్రాక్టర్లకు తోలినవాడు ఆయన. కంచె విప్పించినవాడు ఆయన. జరగని రౌండ్లను జరిగినట్టు రాసినవాణ్ని నేను. ఆయన తప్పులకు కాగితం లేదు, నా తప్పుకు ఎనిమిది వరసలున్నాయి.

నాలుగు గంటలకు ఆమె, నేను స్టేషనుకు వెళ్లాం. నా మోపెడ్ మీద వెనక కూర్చుని ఎవరికో ఫోను చేస్తూ వచ్చింది. బయట చెట్టు కింద బెంచీ మీద కంప్లయింటు రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. కంపెనీ పార్కింగులో ఉదయం ఆరుకు పది నిమిషాలు తక్కువగా పెట్టాను, మధ్యాహ్నం రెండుంబావుకు లేదు. కెమెరా సంగతి, గడియారం తేడా కూడా చేర్చాను. నా సంగతి చేర్చలేదు. ఆమె సంతకం చేసింది.

స్టేషన్ రైటరు యాభై ఏళ్ల హెడ్ కానిస్టేబులు. కళ్లజోడు దారంతో మెడకు కట్టుకుని ఉన్నాడు. మెల్లగా చదివాడు. దస్తూరి బాగుందన్నాడు. తర్వాత తన ఫోను తీసి నాకు చూపించాడు. మా పుస్తకం పేజీ. మేనేజరు అప్పుడే పంపించేశాడు.

ఆయన చెడ్డవాడు కాదు. కోపం కూడా తెచ్చుకోలేదు. ఒక కాగితంలో పదకొండు నలభైకి పోయిందని ఉంది, ఇంకో కాగితంలో రెండింటికి బండి ఉందని ఉంది, రెండు రాతలూ కొట్టుకుంటున్నాయి, రేపు ఏది కోర్టుకు పెట్టమంటారని అడిగాడు. ముందు మీ కంపెనీవాళ్లు తేల్చుకోండి. ఇప్పటికి బండి కనబడలేదని అర్జీ ఇవ్వండి, రసీదు ఇస్తాను, ఆచూకీ చూస్తాం అన్నాడు.

'కనబడలేదు'కీ 'దొంగిలించారు'కీ తేడా ఆమెకు తెలుసు. ఇన్సూరెన్సు ఏజెంటుకు దారిలోనే ఫోను చేసింది. దొంగతనం అని ఎఫ్‌ఐఆర్ ఉండాలి, ఆలస్యం కాకూడదు, అర్జీ రసీదు పనికిరాదని వాడు చెప్పాడు. అది లేకపోతే ఇంకో బండి రాదు. బండి రాకపోతే సీజను పని పోయినట్టే. రసీదు పుస్తకం కోసం చాపిన ఆయన చేతిని చూస్తూ అంది.

"కనబడకుండా పొయ్యేదానికి అదేమన్నా మేకా సార్? లాకు ఇరిసి ఎత్తకపోయినారు."

"నాకు అర్థమైందమ్మా. ఆ పుస్తకానికి నేనేం సెప్పేది?"

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, పన్నెండుకి నువ్వు సూసినావా? అప్పుడు బండి ఉన్నిందా?"

అంతవరకూ నేను ఆ బల్ల మీదున్న పేపరు వెయిటు చూస్తున్నాను. ఆమె గొంతులో అనుమానం లేదు. అది కాస్త ఉండి ఉంటే నాకు సులువయ్యేది. పుస్తకంలో ఉంది కాబట్టి ఒకవేళ నిజంగానే చూశానేమో, బండి అప్పటిదాకా ఉందేమో, తనకే ఏదో తెలియడం లేదేమో అన్నట్టు అడిగింది. నా రాతను ఆమె నమ్మింది. ఈడ్చి కొట్టినట్టు అనిపించింది.

"సూడలేదమ్మా" అన్నాను.

"మరి రాసినావే" అన్నాడు రైటరు.

"పొద్దున ఆరున్నరకే రాసినాను సార్. రెండు గంటలదాకా. దినామూ అట్లనే రాస్తా. రౌండ్లు తిరగలేదు. తిరిగే మనిషిని ట్రాక్టర్లకాడ నిలబెట్టినారు."

"ఎనిమిది రౌండ్లూ?"

"ఎనిమిదీ." ఆగితే మళ్లీ చెప్పలేనని ఆగలేదు. "ఇంగో సంగతి సార్. వాణ్ని నేను సూసినాను. బండి తోసుకోని నా పక్కనే పోయినాడు. పంచరైందన్నాడు. సరే పో అన్నాను. కెమెరాలో నేను కూడా ఉండాను."

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని గోడ వైపు తిరిగింది.

రైటరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ముందే రాసే పుస్తకాలు నీ ఒక్కడి కాడే లేవులే పెద్దాయనా" అని మెల్లగా అన్నాడు. "కానీ దాన్ని ఒప్పుకున్నోణ్ని ఈ బల్ల ముందర సూడలేదు." తర్వాత ఇంకో మాట అడిగాడు. ఇది రాతలోకి ఎక్కితే నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా అని. ఆలోచించుకోలేదని చెప్పాను. ఆలోచించి ఉంటే చెప్పేవాణ్ని కాదు.

ఎస్‌ఐ ఆరు గంటలకు వచ్చాడు. వయసులో నా మనవడంత. కంప్లయింటు, నేను విడిగా రాసిచ్చిన వివరణ రెండూ చదివాడు. పార్కింగు కంపెనీదే అనడానికి ఆధారమేమిటని ఒక్క ప్రశ్న వేశాడు. కెమెరాలో బోర్డు ఉంది సార్, కంపెనీ స్థలమని దాని మీదే ఉంది అన్నాను. బోర్డు ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. ఆయన రైటరు వైపు చూశాడు, రైటరు నా వైపు చూశాడు. ఆ గదిలో ఆ సాయంత్రం ఎవరైనా నవ్వారంటే అప్పుడే. దొంగతనం కింద ఎఫ్‌ఐఆర్ కట్టారు. కాపీ ఆమె చేతికిచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు, అది చట్టప్రకారం ఊరికే ఇవ్వాల్సిందే. నా వాంగ్మూలం విడిగా రాసుకున్నారు. మర్నాడు కెమెరా కాపీ కోసం కంపెనీకి లెటరు పంపారు. స్టోర్ కీపరు పెన్‌డ్రైవులో ఎక్కించి, ఇది మా యంత్రంలోదే, గడియారం ఇంత తేడా ఉంది అని సర్టిఫికెట్ మీద సంతకం చేసి ఇచ్చాడు. లెటరు చేతికొచ్చాక మేనేజరు అడ్డం చెప్పలేకపోయాడు.

స్టేషను మెట్లు దిగేటప్పుడు ఆమె ఆ కాగితాన్ని నాకిచ్చి చదవమంది. చదివాను. ఎఫ్‌ఐఆర్‌లో తన మాటలే ఉన్నాయి. చివరిదాకా విని, మడిచి, బ్లౌజులో పెట్టుకుంది.

"నువ్వు దినామూ అట్లనే రాస్తావా అన్నా?"

"అవునమ్మా."

"మేము దినామూ సూసుకో అని పోతాము" అంది. అంతే అంది. బస్సు కోసం రోడ్డు దాటింది. దింపుతానంటే వద్దంది.

నా పని మూడో రోజు పోయింది. ఫీల్డ్ ఆఫీసరు తిరుపతి నుంచి వచ్చి, కంపెనీ నన్ను వద్దంటోందని చెప్పాడు. నా దస్తూరిని ఊరూరా చూపించినవాడే, పేరు చెడగొట్టావన్నాడు. తిరగని రౌండ్లకు కాదు, తిరగలేదని చెప్పినందుకు. కొంచెం దయ చూపించి తిరుచానూరులో ఒక లాడ్జి పార్కింగులో వేశాడు. సూపర్‌వైజరుగా కాదు, గార్డుగా. లారీ డ్రైవరు మాత్రం ఉన్నాడు. స్టేషనులో నేను రాసిచ్చిన వివరణలో తప్పంతా నాదని ఉంది కాబట్టి అతన్ని ఏమీ అనలేదు. అది ఒక్కటి బాగానే రాశాను.

ఫ్యాక్టరీలో ఇప్పుడు పుస్తకం లేదట. పార్కింగులో ఆరుచోట్ల క్యూఆర్ గళ్ల స్టిక్కర్లు అంటించారు. గార్డు ప్రతిచోటికీ పోయి ఫోనుతో స్టిక్కరును ఫోటో కొడితే రౌండు జరిగినట్టు తిరుపతి ఆఫీసులో పడుతుందట. లారీ డ్రైవరు ఫోనులో చెబుతూ చెబుతూ నవ్వాడు. ఎవరో ఆరు స్టిక్కర్లనూ జెరాక్సు తీయించి గార్డు గది గోడకు అంటించారు. కుర్చీలో కూర్చునే రౌండ్లన్నీ అయిపోతున్నాయి. కంచె ఇంకా విప్పే ఉంది. నా బోర్డు ఇంకా ఉంది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఫోను పెట్టేశాను.

రెండు నెలల తర్వాత ఆమె నుంచి ఫోను వచ్చింది. బండి దొరకలేదు. తడ చెక్‌పోస్టు దాకా, అటు తమిళనాడు దాకా నెంబరు పంపారట, ఏమీ తేలలేదు. దొరకలేదని పోలీసులు రిపోర్టు పెడుతున్నారు. కానీ ఇన్సూరెన్సువాళ్లకు ఎవరో రౌండ్ల పేజీ చేరవేశారు. రెండింటికి బండి ఉందని అందులో ఉంది కదా అని విచారణకు మనిషిని పంపుతున్నారు.

"ఇంగోసారి సెప్పాలంటన్నా" అంది. "నీకు కష్టమైతే..."

"రమ్మను" అన్నాను.

వచ్చాడు. సంచి, ట్యాబు, టై. లాడ్జి పార్కింగులో నా స్టూలు మీద ఆయనను కూర్చోబెట్టి నేను నిలబడ్డాను. పొద్దున ఆరున్నర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. రైటరుకు ఒకసారి, ఎస్‌ఐకి ఒకసారి, ఫీల్డ్ ఆఫీసరుకు ఒకసారి, ఇప్పుడు ఇది. ప్రతిసారీ 'సరే పో' అన్నచోటికి వచ్చేసరికి తల దించుకునేవాణ్ని. నాలుగోసారి అదీ లేదు. నీళ్లు తాగినట్టు చెప్పేశాను. ఆయన ట్యాబులో రాసుకుంటూ, మీరే స్వయంగా ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే మంచిదన్నాడు. రాశాను. అక్షరాలు ఎగుడుదిగుడుగా వచ్చాయి. 'రౌండ్లు జరగలేదు' దగ్గర ఒక కొట్టివేత కూడా పడింది. మళ్లీ రాస్తానంటే అక్కర్లేదన్నాడు.

దసరా దాటాక ఒక ఆదివారం మళ్లీ ఆమె ఫోను.

"ఇన్సూరెన్సు పడిందన్నా. కొత్త బండి వచ్చింది, జామకాయ పనికి పోతా ఉండా."

"సంతోషమమ్మా. యాడ పెడ్తా ఉండావు?"

"టీ అంగడామె ఇంటి లోపల. ఆమె సేతికే తాళమిచ్చి పోతా ఉండా." మళ్లీ తనే, "బోర్డు కింద పెట్టలేదు" అంది.

మంచి పని చేశావన్నాను. ఇంతలో లాడ్జి ముందు కారు ఆగింది. తమిళం మాట్లాడే కుటుంబం, అమ్మవారి దర్శనానికి తొందరలో ఉన్నారు. దిగినాయన నా వైపు చూడకుండానే చెయ్యి ఊపి "పాత్తుక్కో" అన్నాడు. వాళ్ల సూసుకో అది. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, "ఉండమ్మా, నెంబరు రాసుకోవాలి" అన్నాను.

లేచి కారు చుట్టూ ఒకసారి తిరిగాను. నాలుగు తలుపులూ లాగి చూశాను. వెనక ఎడమ తలుపు వేసి లేదు.

"సార్" అని పిలిచాను. ఆయన విసుగ్గా వెనక్కు వచ్చాడు.